చర్చ విభాగంలో ఒక పేరా ఎలా కట్టాలి: లోలకం ప్రయోగంతో ఒక ఉదాహరణ

ల్యాబ్ రిపోర్టులో పట్టిక వేయడం, గ్రాఫ్ గీయడం చాలామందికి బాగానే వస్తాయి. "చర్చ" అని శీర్షిక పెట్టాక మాత్రం చేయి ఆగిపోతుంది. ఏదో ఒకటి రాయాలి కదా అని రాసిన పేరా సాధారణంగా ఇలా ఉంటుంది:

"ఈ ప్రయోగంలో g విలువ 9.48 మీ/సె² వచ్చింది. ప్రామాణిక విలువ 9.81. కాబట్టి 3.4 శాతం తేడా ఉంది. గాలి నిరోధం, స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యం, మానవ తప్పిదాలు దీనికి కారణం కావచ్చు. మొత్తం మీద ప్రయోగం విజయవంతంగా జరిగింది."

ఇందులో పచ్చి అబద్ధమేమీ లేదు. కానీ 9.48 అన్న ఒక్క అంకె మార్చితే ఈ పేరాను ఏ లోలకం రిపోర్టులోనైనా అతికించవచ్చు. రాసినవాళ్లు తమ పట్టికను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదని చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటి పేరాలు చాలా చదివాను. చదివిన ప్రతిసారీ బాధ కలిగించేది ఒక్కటే. చెప్పుకోదగ్గ విషయం అదే రిపోర్టులో, రెండు పేజీల వెనక పట్టికలో ఉంటుంది.

పేరాలో నాలుగు భాగాలుండాలి. ఈ పేరా ఏం చెబుతుందో తేల్చే తొలి వాక్యం, దానికి మీ ఫలితాల నుంచి ఆధారం, ఆ ఆధారం వెనకున్న కారణాన్ని చెప్పే వివరణ, చివరగా ఇదంతా ప్రయోగ లక్ష్యానికి ఏం చేస్తుందో చెప్పే ముడి. ఈ నాలుగింటినీ ఒకే ప్రయోగంతో, ఒకే పేరా కోసం, మొదటి నుంచి చివరిదాకా కట్టి చూద్దాం.

మొదట లక్ష్యాన్ని ఎదురుగా పెట్టుకోండి

రిపోర్టు మొదట్లో రాసిన లక్ష్యాన్ని ఒక కాగితం మీద మళ్లీ రాసి పక్కన పెట్టుకోండి. మన ఉదాహరణలో అది ఇది: "ఐదు వేర్వేరు పొడవుల దగ్గర లఘులోలకం డోలనావర్తన కాలాన్ని కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణం g విలువను కనుక్కోవడం."

ఇందులో మీరు జవాబు చెప్పాల్సిన మాట "g విలువ". పేరా చివరికి వచ్చేసరికి ఆ మాట గురించి మొదట్లో లేని ఒక సంగతి తెలియాలి. లక్ష్యం కళ్ల ముందు లేకుండా రాస్తే పేరా కొలతల గురించి మొదలై పరికరాల గురించి ముగుస్తుంది.

రాసే ముందు పట్టికలో ఒక తీరును వెతకండి

మన పట్టిక ఇలా ఉందనుకోండి. ప్రతి పొడవు దగ్గర 20 డోలనాలకు పట్టిన సమయాన్ని కొలిచి, 20తో భాగించి T తీసి, T = 2π√(L/g) నుంచి g లెక్కగట్టారు.

| పొడవు L (మీ) | 20 డోలనాల సమయం (సె) | g (మీ/సె²) |
|---|---|---|
| 0.20 | 18.6 | 9.13 |
| 0.40 | 25.9 | 9.42 |
| 0.60 | 31.5 | 9.55 |
| 0.80 | 36.2 | 9.64 |
| 1.00 | 40.4 | 9.68 |

ఈ ఐదు విలువల సగటు 9.48. పైన చూపిన పేరా ఈ సగటు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు చివరి నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. 9.13, 9.42, 9.55, 9.64, 9.68. ఒక్కసారి కూడా వెనక్కి తగ్గకుండా పెరుగుతూ పోయింది. కొలతల్లో యాదృచ్ఛిక దోషాలు మాత్రమే ఉంటే అంకెలు కాస్త పైకీ కాస్త కిందికీ ఊగుతాయి. ఇలా వరుసగా ఎక్కవు. పొడవు మారితే g మారదని మనకు తెలుసు. అయినా ఇక్కడ మారుతోంది. పేరాకు కావలసిన విషయం దొరికింది.

ఒక పేరాకు ఇలాంటి తీరు ఒక్కటి చాలు. రెండోది కనిపిస్తే దానికి ఇంకో పేరా పెట్టుకోండి.

తొలి వాక్యం

తొలి వాక్యంలో మీరు ఒక నిర్ణయం చెప్పాలి. "ఇప్పుడు g విలువల గురించి చర్చిద్దాం" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. "g సగటు 9.48 వచ్చింది" అన్నది ఫలితాల విభాగంలో ఉన్న మాటే. "g విలువ తక్కువ వచ్చింది" అన్నది కొంచెం నయం, కానీ మనం ఇప్పుడే గమనించిన అసలు సంగతి అందులో లేదు.

ఇలా రాసి చూడండి: "ఒక్కో పొడవు నుంచి విడిగా లెక్కగట్టిన g విలువలు అన్నీ తక్కువగా వచ్చాయి, లోలకం పొట్టిదయ్యే కొద్దీ ఆ తగ్గుదల పెరిగింది."

ఇది ఎవరైనా పట్టిక తెరిచి నిజమో కాదో చూసుకోగల మాట. వాదించడానికి వీలున్న మాట కూడా. తొలి వాక్యాన్ని పరీక్షించే పద్ధతి నాకు తెలిసినది ఒక్కటే. "నిజమా? ఎలా తెలుసు?" అని ఎదుటివాళ్లు అడగాలనిపించేలా ఉందా అని చూస్తాను. ఆ ప్రశ్న పుట్టకపోతే తర్వాత ఆధారం ఇవ్వడానికి చోటే ఉండదు.

ఈ దశలో వాక్యం సరిగ్గా కుదరకపోయినా టెన్షన్ పడకండి. వివరణ రాసేశాక తిరిగి వచ్చి దీన్ని సరిచేయడం మామూలే. మన పేరాకూ అదే జరుగుతుంది.

ఆధారం: పట్టికంతా కాదు, రెండు మూడు అంకెలు

ఐదు విలువలూ మళ్లీ పేరాలో రాయకండి. చదివేవాళ్ల దగ్గర పట్టిక ఉంది. తొలి వాక్యాన్ని నిలబెట్టడానికి రెండు కొసలూ చాలు: "0.20 మీ దగ్గర g 9.13 మాత్రమే, అంటే 9.81 కంటే దాదాపు 7 శాతం తక్కువ, 1.00 మీ దగ్గర 9.68, అంటే 1.3 శాతం తక్కువ. మధ్యలోని మూడు విలువలూ ఇదే వరుసలో పెరిగాయి (పట్టిక 1)."

శాతం ఎందుకు చేర్చామో చూడండి. 9.13, 9.68 అన్న అంకెలను పక్కపక్కన పెడితే తేడా చిన్నదిగా అనిపిస్తుంది. 7 శాతం, 1.3 శాతం అన్నప్పుడు ఒకటి ఇంకోదానికి అయిదు రెట్లని తెలుస్తుంది. తొలి వాక్యంలో చెప్పింది కూడా ఆ పెరుగుదల గురించే. ఆధారాన్ని తొలి వాక్యం ఏ కొలమానంలో మాట్లాడిందో ఆ కొలమానంలోనే చూపించాలి.

ఈ పేరాకు ఇంకో ఆధారం కూడా ఉంది. అది గ్రాఫ్. L మీద T² గీస్తే సూత్రం ప్రకారం గీత మూలబిందువు గుండా పోవాలి. మన కొలతలకు సరిపోయే గీత వాలు 4.015 సె²/మీ. అది నిలువు అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా 0.067 సె² దగ్గర కోసింది. దీన్ని ఇప్పుడే వాడకుండా చేతిలో ఉంచుకోండి. వివరణలో పనికొస్తుంది.

వివరణ: ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి

ఎక్కువమంది పేరాలు దెబ్బతినేది ఈ భాగంలోనే. కారణాల జాబితా ఒకటి రాసేసి, అందులో ఏదో ఒకటి నిజమై ఉంటుందిలే అని వదిలేస్తారు. వివరణ అంటే, మీరు చెప్పే కారణం నుంచి మీ ఆధారంలో ఉన్న ఆ తీరే ఎలా పుడుతుందో అడుగడుగునా చూపించడం. అందుకని తోచిన ప్రతి కారణాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఇది విలువను సరైన దిశలోనే కదుపుతుందా? తగినంత కదుపుతుందా? మనం చూసిన తీరులోనే కదుపుతుందా?

గాలి నిరోధంతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ మొదట తోచేది అదే. బరువైన లోహపు గుండు విషయంలో గాలి ప్రధానంగా ఊపు వెడల్పును మెల్లగా తగ్గిస్తుంది. ఒక డోలనానికి పట్టే కాలాన్ని అది మార్చేది లెక్కలోకి రానంత తక్కువ. 7 శాతం దాని వల్ల రాదు. రెండో ప్రశ్న దగ్గరే ఇది పడిపోయింది.

స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యం. 0.2 సెకన్ల తేడా పడిందనుకుందాం. 18.6 సెకన్లలో అది 1.1 శాతం. g లెక్కలో T² ఉంటుంది కాబట్టి g మీద ప్రభావం దానికి రెట్టింపు, సుమారు 2 శాతం. 7 శాతానికి ఇదీ చాలదు. పైగా మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ ఒకేలా ఆలస్యమైతే ఆ రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. మిగిలిన తేడా ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉండాలే తప్ప ఐదుసార్లూ ఒకే వైపు ఉండదు.

గుండును మరీ పక్కకు లాగి వదలడం. ఇది దిశ విషయంలో సరైనదే. కోణం 20 డిగ్రీలుంటే డోలనావర్తన కాలం సుమారు 0.8 శాతం పెరుగుతుంది, g సుమారు 1.5 శాతం తగ్గుతుంది. కానీ ప్రతి పొడవుకూ అదే కోణం వాడితే తగ్గుదల శాతం కూడా అన్ని పొడవులకూ ఒకటే ఉండాలి. మన పట్టికలో పొట్టి లోలకానికే ఎక్కువ తగ్గింది. మూడో ప్రశ్న దగ్గర ఇది నిలబడదు.

ఇక పొడవు కొలత. లోలకం పొడవంటే వేలాడదీసిన చోటు నుంచి గుండు కేంద్రం వరకు. దారం ముడి వరకే, అంటే గుండు పైభాగం వరకే కొలిస్తే ప్రతిసారీ గుండు వ్యాసార్ధం అంత పొడవు లెక్కలోంచి తప్పిపోతుంది. ఈ ప్రయోగంలో గుండు వ్యాసం 3.2 సెం.మీ అనుకోండి. అప్పుడు తప్పిపోయింది 1.6 సెం.మీ. అసలు పొడవు 21.6 సెం.మీ ఉన్నప్పుడు అది 7.4 శాతం. 101.6 సెం.మీ ఉన్నప్పుడు 1.6 శాతం మాత్రమే. సూత్రంలో g, L కు అనుపాతంలో ఉంటుంది కాబట్టి g కూడా దాదాపు అంతే శాతం తగ్గాలి. మనకు వచ్చినవి 7, 1.3. దిశ, పరిమాణం, తీరు మూడూ కలిశాయి.

చేతిలో ఉంచుకున్న గ్రాఫ్‌ను ఇప్పుడు తీయండి. ప్రతి పొడవులోనూ ఒకే పొడవు తప్పిపోయి ఉంటే గీత వాలు మారదు, గీత మొత్తం పైకి జరుగుతుంది. ఎంత జరిగిందో వాలుతో భాగిస్తే తప్పిపోయిన పొడవు రావాలి. 0.067 ను 4.015 తో భాగిస్తే 0.017 మీ, అంటే 1.7 సెం.మీ. గుండు వ్యాసార్ధం 1.6. ఇంత దగ్గరగా కలిసే ఆధారం దొరికినప్పుడు దాన్ని పేరాలో పెట్టకుండా వదలకూడదు.

ఇంత ఆలోచించాక పేరాలోకి వెళ్లేది మూడు నాలుగు వాక్యాలే. తోసేసిన కారణాలన్నీ రాయక్కర్లేదు. చదివేవాళ్లకు తప్పకుండా తోచే ఒక్కదాన్ని, ఇక్కడైతే స్టాప్‌వాచ్ ఆలస్యాన్ని, ఒక వాక్యంలో ఎందుకు కాదో చెప్పి ముందుకు పోతే సరిపోతుంది.

ఇక క్రియాపదం ఎంపిక. "గుండు వ్యాసార్ధం లెక్కలో చేరకపోవడమే కారణమని నిరూపితమైంది" అని రాయకండి. మీరు ఆ తప్పు చేస్తుండగా ఎవరూ చూడలేదు, అంకెల నుంచి ఊహించారంతే. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే చోటికి తీసుకొచ్చాయి కాబట్టి "గట్టిగా సూచిస్తున్నాయి" అనవచ్చు. గ్రాఫ్ లేకుండా పట్టిక తీరు ఒక్కటే ఉంటే "సూచిస్తోంది" వరకే ఆగాలి. దిశ ఒక్కటే సరిపోయి పరిమాణం లెక్కగట్టలేకపోతే "కావచ్చు". మొదట్లో చూసిన పేరాలో అన్నిటికీ "కావచ్చు" అనేయడం వల్ల ఏ కారణం మీద ఎంత నమ్మకముందో తెలియకుండా పోయింది.

లక్ష్యంతో ముడి

పక్కన పెట్టుకున్న కాగితం ఇప్పుడు చూడండి. g విలువను కనుక్కోవాలి. మన వివరణ వల్ల ఆ విలువకు ఏమైంది? ఇక్కడ ముడి వాక్యం నిజంగా పని చేస్తుంది. పొడవులో తప్పు వాలును మార్చదు కాబట్టి 4π² ను వాలుతో భాగించి వచ్చే g ఆ తప్పుకు లోబడదు. ఆ విలువ 39.48 ÷ 4.015 = 9.83 మీ/సె². అంటే లక్ష్యానికి జవాబు 9.48 అని కాకుండా 9.83 అని ఇవ్వాలి.

"ఈ విధంగా ప్రయోగ లక్ష్యం నెరవేరింది" అన్న వాక్యంతో ఎన్నో పేరాలు ముగుస్తాయి. అందులో లక్ష్యం అన్న మాట ఉందే కానీ ముడి లేదు. ముడి వాక్యం చదివాక లక్ష్యానికి మీరిచ్చే జవాబు మారాలి, లేదా దాని మీద నమ్మకం పెరగాలి, తగ్గాలి, లేదా అది ఎంతవరకు చెల్లుతుందో తేలాలి. వీటిలో ఏదీ జరగకపోతే సాధారణంగా లోపం ముడి వాక్యంలో ఉండదు. ఆ పేరా లక్ష్యానికి సంబంధం లేని విషయం మీద రాసి ఉంటారు. అప్పుడు వాక్యాన్ని చెక్కడం మానేసి, పేరానే తీసేయాలా అని ఆలోచించండి.

కట్టిన పేరా

ముడి తేలింది కాబట్టి తొలి వాక్యానికి తిరిగి వెళదాం. విలువలు తగ్గాయని మాత్రమే అందులో ఉంది. సగటును నమ్మకూడదన్న నిర్ణయం కూడా అందులో చేరితే పేరా ఎటు పోతోందో మొదటే తెలుస్తుంది. అలా సరిచేసిన పేరా ఇది:

"లోలకం పొట్టిదయ్యే కొద్దీ g విలువ మరింత తక్కువగా వచ్చింది, అందువల్ల ఐదు విలువల సగటు 9.48 మీ/సె² ను నమ్మదగిన ఫలితంగా తీసుకోలేము. 0.20 మీ దగ్గర g, 9.81 కంటే దాదాపు 7 శాతం తక్కువ కాగా, 1.00 మీ దగ్గర 1.3 శాతమే తక్కువ (పట్టిక 1). స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకన్ల తేడా పొట్టి లోలకం దగ్గర కూడా g ను సుమారు 2 శాతమే మార్చగలదు, అదీ ఎప్పుడూ ఒకే దిశలో కాదు. పొడవును గుండు కేంద్రం వరకు కాకుండా పైభాగం వరకే కొలిచి ఉంటే ప్రతి కొలతలో 1.6 సెం.మీ తగ్గుతుంది, 0.20 మీ దగ్గర అది 7.4 శాతం, 1.00 మీ దగ్గర 1.6 శాతం లోటు. T², L గ్రాఫ్ మూలబిందువు గుండా పోకుండా 0.067 సె² పైన అక్షాన్ని కోయడం కూడా 1.7 సెం.మీ లోటుకు సరిపోతుంది. ఈ రెండు ఆధారాలూ పొడవు కొలతలోనే తప్పు జరిగిందని గట్టిగా సూచిస్తున్నాయి. ఇలాంటి స్థిరమైన తప్పు గ్రాఫ్ వాలును మార్చదు కాబట్టి, వాలు నుంచి వచ్చిన 9.83 మీ/సె² నే ఈ ప్రయోగంలో g కు ఫలితంగా తీసుకోవాలి."

ఏడు వాక్యాలు. వాటిలో ఒకటి తొలి వాక్యం, ఒకటి ఆధారం, నాలుగు వివరణ, ఒకటి ముడి. నాలుగు భాగాలకూ సమానంగా చోటివ్వాలన్న నియమమేమీ లేదు. గ్రాఫ్ ఆధారమే అయినా వివరణ మధ్యలో వచ్చింది, ఎందుకంటే అది అవసరమైంది అక్కడే.

తర్వాతి పేరా మొదలుపెట్టే ముందు

ఇప్పుడు చాలామంది 9.83 కూ 9.81 కూ మధ్య 0.02 తేడా ఎందుకొచ్చిందని ఇంకో పేరా రాయబోతారు. ఆగండి. ఒక మీటరు లోలకానికి 0.2 సెకన్ల తేడా 40.4 సెకన్లలో 0.5 శాతం. g లో అది 1 శాతం, అంటే దాదాపు 0.1. మీ కొలతలకు ఉన్న అనిశ్చితి కంటే 0.02 చాలా చిన్నది. వివరించడానికి అక్కడ ఏమీ లేదు. దానికి కారణం వెతికితే మళ్లీ గాలి నిరోధం దగ్గరికే చేరతారు. తేడా అనిశ్చితికి లోపలే ఉందని ఒక వాక్యంలో చెప్పేసి వదిలేయండి.

రాయదగిన రెండో పేరా ఇంకొకటుంది. ప్రతి పొడవుకూ 1.6 సెం.మీ కలిపి g ను మళ్లీ లెక్కగడితే విలువలు 9.86, 9.79, 9.80, 9.83, 9.83 వస్తాయి. వరుసగా ఎక్కడం పోయింది, కాస్త పైకీ కిందికీ ఊగుతున్నాయి. సగటు 9.82. మొదటి పేరాలోని వివరణకు ఇది పరీక్ష. దీన్ని దాని కొనసాగింపుగా రాస్తే తొలి వాక్యం ఇలా ఉండవచ్చు: "గుండు వ్యాసార్ధాన్ని కలిపి లెక్కగట్టినప్పుడు పొడవుతో పాటు g మారడం కనిపించలేదు."

చర్చ విభాగమంతా రాశాక ప్రతి పేరా తొలి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ మాత్రమే వరుసగా ఇంకో కాగితం మీద రాసుకుని చదవండి. రెండు పేరాల తొలి వాక్యాలు ఒకే సంగతి చెబుతుంటే వాటిని కలపండి. ఒక పేరా తొలి వాక్యంలో లేని కొత్త విషయం దాని చివరి వాక్యంలో కనిపిస్తే, మన పేరాకు చేసినట్టే, ఆ తొలి వాక్యాన్ని తిరగరాయండి.